చేయి అందని చోట ఒక్కటీ లేదు

మొదటి దురద బుడిపె ఎడమ కాలి మీద, మోకాలి కింద ముందు ఎముక మీద లేచింది. వానాకాలంలో కొబ్బరితోటలోకి వెళ్లొచ్చిన రోజు ఏదో పురుగు కుట్టింది. కందిగింజంత దద్దురు. గోకాను. మర్నాడూ గోకాను. మామూలుగా అయితే నాలుగు రోజుల్లో మానిపోవాల్సింది నాలుగు నెలలకు రేగుపండు గింజంత గట్టిగా తయారైంది. ఆ తర్వాత రెండో కాలి మీద, మోచేతుల దగ్గర, నడుం కింద ఒక్కొక్కటే వచ్చాయి. ఏడాది తిరిగేసరికి లెక్కపెడితే నలభై ఒకటి. నల్లగా, గరుకుగా, నెత్తిన రక్తం ఆరిన పెచ్చుతో ఉండేవి.

మాది సోంపేట దగ్గర ఒక ఊరు. ముప్పై ఏళ్లుగా టైలరింగ్ చేస్తున్నాను. మిషన్ తొక్కుతుంటే కాళ్లు ఖాళీగా ఉండవు గాని చేతులకు మధ్యమధ్యలో ఖాళీ దొరుకుతుంది. కత్తెర పిడితో కాలి ఎముక మీద బరబరా రుద్దుకోవడం ఎప్పుడు అలవాటైందో నాకే తెలీదు. కస్టమర్ ఎదురుగా నిలబడి ఉన్నా బల్ల కింద ఆ పని సాగిపోయేది. "ఏటయ్యా ఆ గోకుడు, తోలు ఊడిపోతంది" అని మా ఆవిడ రోజూ అరిచేది. దుప్పటి మీద రక్తపు చుక్కలు ఉతికి ఉతికి విసిగిపోయి నా పక్క వేరే వేసేసింది.

చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. మెడికల్ షాపులో అడిగితే తామరకి వాడే మూడు మందులు కలిసిన క్రీమ్ ఇచ్చాడు. ఎనిమిది నెలలు రాశాను. చుట్టూ ఉన్న చర్మం పలచబడింది, బుడిపె మాత్రం అలాగే ఉంది. ఊళ్లో చిన్న డాక్టరు ఒక సూది వేస్తే పది రోజులు స్వర్గం. పదకొండో రోజు దురద రెట్టింపు అయింది. ఇంకొకటి ఉంది, ఇది చెప్పుకోడానికి సిగ్గేస్తుంది: రాత్రిళ్లు సలసల కాగిన నీళ్లు చెంబుతో కాళ్ల మీద పోసుకునేవాణ్ణి. ఆ మంట తగిలిన క్షణం ఒళ్లంతా జివ్వుమని హాయిగా ఉండేది. గంట తర్వాత చర్మం ఎండిపోయి, దురద మళ్లీ మొదటికి వచ్చేది.

పెద్ద డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లలేదంటే, భయం. మా ఉద్దానంలో ఏ వీధికి వెళ్లినా కిడ్నీ పేషెంటు ఒకరు కనబడతారు. మా బావ డయాలసిస్‌కి వెళ్తాడు, ఒళ్లంతా గోక్కుంటూనే ఉంటాడు. నా దురద కూడా అదే అయితే అని, రక్తం పరీక్షకు ఏడాది పాటు తప్పించుకు తిరిగాను.

చివరికి మా కోడలు బలవంతాన తీసుకెళ్లింది. సోంపేటలో రైలెక్కి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో దిగి, అక్కణ్నుంచి శ్రీకాకుళం ఊళ్లోకి, చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ కాళ్లు చూసి ఏమీ అనలేదు. "చొక్కా విప్పి అటు తిరగండి బాబాయ్ గారూ" అంది. వీపు మీద వేలితో గీసి చూపిస్తూ మా కోడలితో చెప్పింది: "చూడమ్మా, రెండు రెక్కల మధ్య చర్మం ఎంత శుభ్రంగా ఉందో. భుజాల మీద ఉన్నాయి, నడుం మీద ఉన్నాయి. ఈయన చేయి అందని చోట ఒక్కటీ లేదు."

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. లోపలి రోగమేదో బయటికి తన్నుకొస్తోందని ఏడాదిగా అనుకుంటున్నాను. బుడిపెల్ని పెంచుతున్నది నా చేతులే అన్నమాట.

దీని పేరు ప్రురైగో నాడ్యులారిస్ అని చెప్పింది. అంటువ్యాధి కాదు. ఇంట్లో ఎవరికైనా దురద ఉందా, వేళ్ల సందుల్లో, గజ్జల్లో పొక్కులున్నాయా అని అడిగింది. అలా ఉంటే గజ్జి అయి ఉండవచ్చట, దాని వైద్యం వేరు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదా అని కూడా అడిగింది. ఉండేది. అలాంటి ఒంటికి దురద తొందరగా పట్టుకుంటుందట. కిడ్నీ, లివర్, థైరాయిడ్, షుగర్, రక్తహీనత, ఇంకో రెండు మూడు పరీక్షలు రాసింది. "దురద ఎక్కణ్నుంచి మొదలైందో చూడకుండా పైన మందు రాస్తే లాభం లేదు. కిడ్నీ పాడైనవాళ్లకి కూడా ఇలాంటివే వస్తాయి" అంది. రిపోర్టు చేతికొచ్చేదాకా గంటన్నర నేను మంచినీళ్లు కూడా తాగలేదు. కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ 0.9. అన్నీ మామూలే. మోకాలి మీద ఒకటి పుండు పడి మానకుండా ఉంటే దాన్ని మాత్రం చిన్న ముక్క కోసి బయాప్సీకి పంపింది. అదీ ఇదేనని తేలింది.

గోకితే బుడిపె ఎందుకవుతుందని అడిగాను. నా కుడి చేయి తీసుకుని, కత్తెర పట్టే బొటనవేలి మీద కాసిన కాయ చూపించింది. "ఇదెలా వచ్చింది? రోజూ ఒరిసి ఒరిసి. అక్కడా అంతే. చర్మం తనను తాను కాపాడుకోడానికి మందమవుతుంది. తేడా ఏంటంటే, అక్కడ నరాల కొసలు కూడా రేగిపోయి ఉంటాయి. బట్ట తగిలినా దురదే. గోకితే నొప్పి పుడుతుంది, ఆ నొప్పి కింద కాసేపు దురద తెలీదు. నొప్పి తగ్గగానే మళ్లీ దురద." అప్పటికి పురుగు కుట్టి పద్నాలుగు నెలలు. పురుగు ఎప్పుడో పోయింది, ఈ చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది.

మందులు ఇవీ. రాత్రి క్లోబెటసాల్ ఆయింట్‌మెంట్, అగ్గిపుల్ల తలంత, బుడిపె మీద మాత్రమే. దాని మీద వంటింట్లో గిన్నెలకు చుట్టే పల్చటి ప్లాస్టిక్ చుట్టుకుని పడుకోవాలి. మందు లోపలికి దిగుతుంది, గోరూ తగలదు. అది రెండు వారాలే, ఆ తర్వాత చూసి చెప్తానంది. మరీ గట్టిపడ్డ తొమ్మిదింటిలోకి స్టెరాయిడ్ సూది, నెలకోసారి చొప్పున మూడుసార్లు. నొప్పి తక్కువేం కాదు. రాత్రి దురదకు గాబాపెంటిన్, చిన్న మోతాదుతో మొదలు. మొదటి వారం తల తిరిగినట్టుండి మిషన్ సూదిలోకి దారం ఎక్కించడమే కష్టమైంది, తర్వాత సర్దుకుంది. దురద మాత్రలు నేను అంతకుముందు డబ్బాలు డబ్బాలు మింగాను. అవి నిద్రకు పనికొస్తాయి గాని ఈ దురదను పెద్దగా ఆపవని ఆవిడే చెప్పింది. గోరువెచ్చని నీళ్ల స్నానం, ఒళ్లు తడిగా ఉండగానే వాసెలిన్.

అతి తెలివి ఒకటి చేశాను. రాత్రి పూట అంత బాగా పనిచేస్తే పగలు కూడా చుట్టుకుందామని చుట్టాను. అసలే ఉక్క, పైగా కరెంటు కోత. నాలుగో రోజుకి చెమట నిలిచి పిక్కల మీద చీము పొక్కులు లేచాయి. పది రోజులు ప్లాస్టిక్ ఆపేయాల్సి వచ్చింది. సూది వేసిన వాటిలో ఒకచోట చర్మం కొంచెం లోపలికి గుంట పడి తెల్లబడింది. అలా కావచ్చని ముందే చెప్పారు కాబట్టి నేనేం గొడవ చేయలేదు.

మందులు ఒక ఎత్తు. నా చేతిని ఆపడం ఇంకో ఎత్తు. "గోకొద్దు అని నేను చెప్పను, మీ వల్ల కాదు. ఎన్నిసార్లు గోకుతున్నారో లెక్క రాసి తీసుకురండి" అంది డాక్టరమ్మ. కటింగ్ బల్ల అంచున మార్కింగ్ సుద్దతో గీతలు పెట్టడం మొదలుపెట్టాను. నిజంగా దురద పుట్టి గోకితే సున్నా, ఊరికే చేయి వెళ్తే గీత. మొదటి రోజు సాయంత్రానికి 93 గుర్తులు. అందులో సున్నాలు 28.

ఆ బల్ల ముందు చాలాసేపు నిలబడిపోయాను. మిగతా అరవై ఐదుసార్లు దురదే లేదు! దారం తెగినప్పుడు, బాబిన్ మార్చేటప్పుడు, "ఇంకా అవ్వలేదేటి" అని ఎవరైనా అడిగినప్పుడు, ఫోన్ మోగినప్పుడు చేయి దానంతటది కిందికి పోతోంది. వేలు తడుముతూ పోయి బుడిపె దగ్గర ఆగుతుంది, పెచ్చును గిల్లుతుంది. గిల్లాక దురద పుడుతుంది. నేనేమో దురద పుట్టి గోకుతున్నాననే అనుకుంటూ వచ్చాను.

అలా చేయి బయలుదేరినప్పుడు పిడికిలి బిగించి ముప్పై లెక్కపెట్టమన్నారు. ఇంకా దురద ఉంటే అరచేత్తో ఆ చోటును గట్టిగా అదిమి పట్టుకోవాలి, లేదా తడిగుడ్డ వేయాలి. గోరు మాత్రం తగలకూడదు. మొదట్లో ముప్పై అయ్యేలోపు రెండుసార్లు ఓడిపోయేవాణ్ణి. కత్తెరను బల్లకి అవతలి వైపు మేకుకు తగిలించాను, కావాలంటే లేచి వెళ్లాల్సిందే. అది చాలా పనిచేసింది. గోళ్లు మూడు రోజులకోసారి కత్తిరించి అరగదీసేవాణ్ణి.

నిద్రలో గోకుడికి లెక్క లేదు, పిడికిలి లేదు. దానికి నా పనితనమే వాడాను. పాత బనియన్ గుడ్డతో మోకాలి నుంచి పాదం దాకా తొడుగులు కుట్టాను. మొదటి జత కుట్టు లోపలికి పెట్టి కుట్టేశాను, అలవాటు కొద్దీ. ఆ కుట్టు వెంబడే గీతలా దురద. తిరగేసి తొడుక్కుంటే పోయింది. చేతులకు సంచుల్లాంటివి కుడితే నిద్రలో పళ్లతో లాగేసుకున్నానట, మా ఆవిడ చెప్పి నవ్వింది. మోచేతి పైదాకా పొడవు పెంచి నాడా పెట్టాక ఆగింది.

ఆరో వారానికి రోజుకి 40 గుర్తులకు వచ్చాను. మూడో నెలలో చిన్నవి చదునయ్యాయి. పెద్దవి మెత్తబడటానికి ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి బాగా జారిపోయాను. జూన్‌లో స్కూలు యూనిఫాంల పని మీద పడింది, రాత్రి పన్నెండు దాకా మిషనే. లెక్క రాయడం మానేశాను, తొడుగులూ మానేశాను. మూడు వారాల్లో పాతవి రెండు లేచాయి, కొత్తవి మూడు వచ్చాయి. మళ్లీ రెండు వారాలు రాత్రి ప్లాస్టిక్, మళ్లీ సుద్ద. ఈసారి పది రోజుల్లోనే దారికొచ్చింది.

తగ్గకపోతే వారానికి రెండు మూడుసార్లు ఆస్పత్రిలో మిషన్ ముందు నిలబెట్టి చర్మం మీద అల్ట్రావయొలెట్ లైటు పెట్టించాలని, ఇంకా కావాలంటే కొత్త రకం ఇంజక్షన్లు ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది. డుపిలుమాబ్ అనేదాన్ని అమెరికాలో 2022లో ఈ జబ్బుకి ఒప్పుకున్నారట. ఖరీదు విని మా కోడలు నా వైపు చూసింది, నేను పిడికిలి బిగించాను.

ఇప్పుడు కాళ్ల మీద నల్ల మచ్చలున్నాయి. బుడిపె అని చెప్పుకోదగ్గది ఒక్కటే, ఆ మొదటిది. నిన్న బల్ల మీద నాలుగు గీతలు, ఒక సున్నా. ఆ సున్నా దానిదే.