ఒకే ఒక్క వ్యక్తితో సూత్ర పరీక్ష

మూడు బృందాలలో కనీసం రెండింటిలో ఉన్నవారి సంఖ్య కోసం ఒక మిత్రుడు రాసిన సూత్రాన్ని ఈ రోజు సరిచూశాను:

|A∩B| + |B∩C| + |A∩C| − |A∩B∩C|

చూడటానికి సబబుగానే ఉంది. పెద్ద సంఖ్యలు వేస్తే నమ్మదగిన జవాబే వస్తుంది కాబట్టి, అటువంటి పరీక్ష మీద నాకు పెద్దగా గురి లేదు. దానికి బదులు, ఉన్నది ఒకే వ్యక్తి అనీ, అతడు మూడు బృందాలలోనూ ఉన్నాడనీ అనుకున్నాను. ప్రతి జంటలోనూ అతడు ఒకసారి లెక్కకు వస్తాడు కనుక మొత్తం 3. అందులోంచి 1 తీసివేస్తే 2 మిగులుతుంది, కానీ మనిషి ఒక్కడే. అంటే చివరి పదాన్ని రెండుసార్లు తీసివేయాలి.

అదే వ్యక్తిని A, B లలో మాత్రమే ఉంచి ఉంటే 1 − 0 = 1 వచ్చి, తప్పు సూత్రం కూడా నెగ్గేది. అందుచేత ఏ బృందంలోనూ లేనివాడు, ఒకదానిలో, రెండింటిలో, మూడింటిలో ఉన్నవాడు అని నాలుగు రకాలనూ విడివిడిగా చూడాలి. జవాబులు వరుసగా 0, 0, 1, 1 రావాలి. సూత్రం మూడు బృందాలనూ ఒకే తీరున చూస్తుంది, ప్రతి వ్యక్తీ మొత్తానికి విడిగానే చేరతాడు కనుక, నిజానికి ఇది పరీక్ష మాత్రమే కాదు, నిరూపణ కూడా.

అయితే ఇచ్చిన అంకెలలోని లోపాన్ని ఇది పట్టుకోలేదు. |A∩B|, |B∩C|, |A∩C| అని చెప్పి, మూడు జంటలకూ మూడింటిలోనూ ఉన్నవారిని వదిలేసిన సంఖ్యలను ఎవరైనా ఇస్తే, సరైన సూత్రమే మన ఒంటరి వ్యక్తికి 0 − 2 = −2 అని చూపుతుంది.