పలాస పిక్కల లెక్కలో రెడ్, గ్రీన్, రీఫ్యాక్టర్: నా అనుభవం

శ్రీకాకుళంలోని మా చిన్న బృందం పలాసలో ఒక జీడిపిక్కల వ్యాపారికి కొనుగోలు లెక్కల ప్రోగ్రాం రాసింది. అందులో రైతుకు చెల్లించాల్సిన సొమ్మును తేల్చే భాగాన్ని, ముందు టెస్టు రాసి తర్వాతే కోడ్ రాసే పద్ధతిలో పూర్తిచేశాం. ఇందులో టెస్టు తప్పితే రెడ్, నెగ్గితే గ్రీన్, ఆ తర్వాత ప్రవర్తన మారకుండా కోడ్‌ను చక్కదిద్దడం రీఫ్యాక్టర్. అక్కడ పిక్కల ధరను 80 కిలోల బస్తాకు చెబుతారు. కానీ కాటా మీద ఏ బస్తా కూడా సరిగ్గా 80 తూగదు కాబట్టి, గోనె బరువు తీసేశాక మిగిలిన కిలోలకు ఆ ధర చొప్పున లెక్కగట్టి, పైసలు లేకుండా రూపాయలకు సవరించాలి.

లెక్క కోసం బస్తా ధర 13,000 రూపాయలు అనుకుని, 160 కిలోలకు 26,000 రావాలని మొదటి టెస్టు రాశాం. నడపగానే రెడ్ వచ్చింది గానీ, అది ఫంక్షనే లేదని చెప్పే ఇంపోర్ట్ ఎర్రర్. ఖాళీ ఫంక్షన్ పెట్టి మళ్లీ నడిపి, 26,000 రావాల్సిన చోట ఏమీ రాలేదని టెస్టు చెప్పేదాకా, అది మనం అడగదలచిన ప్రశ్నే అడుగుతోందని నమ్మడానికి లేదు. ఆ తర్వాత `return 26000` అని రాసి గ్రీన్ చేశాం. కొత్తగా చేరిన కుర్రాడు "ఇది మోసం కాదా అండీ?" అని నవ్వాడు. 163 కిలోలతో రెండో టెస్టు రాశాక అసలు సూత్రం రాయక తప్పలేదు.

అయితే ఆ టెస్టులో ఏ అంకె రాయాలి? లెక్క ప్రకారం 26,487 రూపాయల 50 పైసలు వస్తుంది. వ్యాపారి దగ్గరికి ఫోన్ చేసి అడిగితే, "అర వస్తే పైకే వేస్తామండి, రైతుతో అర రూపాయికి పేచీ ఎందుకు?" అన్నారు గుమస్తా గారు. కోడ్ కంటే ముందే జవాబు రాయవలసి రావడం వల్లే ఈ ప్రశ్న అంత తొందరగా బయటపడింది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది అదే. టెస్టులో 26,488 అని రాసి, కోడ్ ఇలా పెట్టాం.

```python
def sommu(kg, dhara):
    return round(kg * dhara / 80)
```

గ్రీన్ వచ్చింది, కానీ అది కాకతాళీయంగా వచ్చిన గ్రీన్. పైథాన్ 3లోని `round` సరిగ్గా సగం వచ్చినప్పుడు పక్కనున్న సరి సంఖ్యకు వెళ్తుంది, ఇక్కడ ఆ సరి సంఖ్య పైవైపే ఉంది. సరి సంఖ్య కిందివైపు ఉండే తూకంతో కూడా చూద్దామని ఇంకో టెస్టు రాశాం.

```python
def test_ara_rupayi_paiki():
    assert sommu(161, 13000) == 26163
```

ఈసారి `assert 26162 == 26163` అంటూ రెడ్ వచ్చింది. దశాంశాలు లేకుండా పూర్ణాంకాలతోనే `(kg * dhara + 40) // 80` అని మార్చగానే మూడు టెస్టులూ గ్రీన్ అయ్యాయి.

తర్వాత రీఫ్యాక్టర్ మొదలుపెట్టాం. 80 అనే అంకె నిల్వ లెక్కలో కూడా ఉంది కనుక దానికి `BASTA_KG` అని పేరు పెట్టి, 40ని దానిలో సగంగా రాసి, ప్రతి చిన్న మార్పు తర్వాత టెస్టులు నడిపాం. పనిలో పనిగా తేమ కోతను కూడా చేర్చేద్దామని ఒకరు అన్నారు గానీ, రీఫ్యాక్టర్ చేస్తున్నప్పుడు కొత్త ప్రవర్తన చేర్చకూడదు. రెండూ కలిపితే, రెడ్ వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తెలియదు. అందుకని దాన్ని రాసి పక్కన పెట్టుకున్నాం.

ఇదే పద్ధతి ఎలక్ట్రానిక్ కాటా దగ్గర మమ్మల్ని బాగా వెనక్కి లాగింది. కాటా సీరియల్ పోర్ట్ ద్వారా ఏం పంపుతుందో ఇంకా తెలియకముందే నకిలీ కాటా తయారుచేసి టెస్టులు రాయడంతో, అవి మా ఊహలనే పరీక్షించి గ్రీన్ చూపించాయి. అసలు కాటా మాత్రం బస్తా ఇంకా ఊగుతుండగానే తూకాలను వరసగా పంపుతూ, స్థిరపడిన తూకానికి ముందు `ST` అని, స్థిరపడని దానికి `US` అని గుర్తు పెడుతోంది. చదివే తీరు మార్చినప్పుడల్లా నకిలీ కాటానూ, దాని మీద ఆధారపడ్డ టెస్టులనూ మార్చవలసి వచ్చేది. చివరికి టెస్టులు ఆపి, కాటా పంపేదాన్ని యథాతథంగా ఫైల్‌లో భద్రపరిచే చిన్న ప్రోగ్రాం రాసి, పలాసలో ఒక పూట కొనుగోలు జరుగుతుండగా నడిపాం. ఆ ఫైల్‌లోని వరుసలు చేతికొచ్చాక, వాటి నుంచి తూకం తీసే ఫంక్షన్‌కు మళ్లీ టెస్టు ముందే రాశాం, పని చకచకా సాగింది. పోర్ట్ తెరిచే కొద్దిపాటి కోడ్‌కు మాత్రం టెస్టు లేదు, దాన్ని కాటా దగ్గరే చూసుకుంటాం.

బిల్లు తెర సంగతీ అంతే. ఏ గడి ఎక్కడ ఉండాలో వ్యాపారి ఇంకా తేల్చుకోని దశలో దానికి ముందే టెస్టులు రాస్తే, ఆయన మనసు మార్చుకున్నప్పుడల్లా తప్పు లేకపోయినా రెడ్ వస్తుంది. ప్రస్తుతం తెర వెనకున్న లెక్కలకే టెస్టులు రాస్తున్నాం. తెరను గుమస్తా గారు ఒకసారి వాడి చూసి సరేనన్నాకే ముఖ్యమైన ఒకటి రెండు దారులకు టెస్టులు చేరుస్తున్నాం.