గ్రాఫ్ లేని స్ప్రింగ్ ప్రశ్నలో ఏం రాయాలి?

ఎప్‌సెట్‌కి చదివేటప్పుడు మా బ్యాచ్‌లో డౌట్లు ఫోన్‌లో టైప్ చేసి పంపుకునేవాళ్లం. సరళ హరాత్మక చలనం చాప్టర్‌లో ఎక్కువగా వచ్చే డౌట్ ఇలా ఉండేది: "ద్రవ్యరాశి 0.5 కేజీలు, స్ప్రింగ్ స్థిరాంకం మీటరుకు 200 న్యూటన్లు, కంపన పరిమితి 4 సెం.మీ. మొదటిసారి మాధ్యమిక స్థానానికి ఎప్పుడు వస్తుంది?" ప్రశ్నలో ఉన్న అంకెలన్నీ దీంట్లో ఉన్నాయి. కానీ ప్రశ్నతో పాటు ఇచ్చిన స్థానభ్రంశం-కాలం గ్రాఫ్, అంటే x-t గ్రాఫ్, టైప్ చేసినదాంట్లో లేదు కాబట్టి జవాబు రాదు.

ఎందుకో చూడండి. ω = √(k/m) = √(200/0.5) = 20, అంటే సెకనుకు 20 రేడియన్లు. ఇక్కడిదాకా గ్రాఫ్‌తో పని లేదు. గరిష్ఠ వేగం అడిగితే Aω = 0.8 m/s అని వెంటనే చెప్పేయొచ్చు. మొత్తం శక్తి అడిగినా ½kA² = 0.16 J. అడిగింది కాలం అయితేనే చిక్కు.

గ్రాఫ్‌లో t = 0 దగ్గర x = +2 సెం.మీ. ఉందనుకుందాం. గీత పైకి వెళ్తుంటే x = 4 sin(20t + π/6). బ్లాక్ ముందు చివరిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి రావాలి. 20t + π/6 = π నుంచి t = π/24, సుమారు 0.13 సెకన్లు. అదే గీత కిందికి దిగుతుంటే తొలి దశ 5π/6 అవుతుంది, t = π/120, సుమారు 0.026 సెకన్లు. సరిగ్గా అయిదు రెట్ల తేడా! రెండు జవాబులూ ఆప్షన్లలో ఉండే అవకాశం చాలా ఎక్కువ. పేపర్ సెట్ చేసేవాళ్లు ఈ తేడాని పట్టుకునే ప్రశ్న ఇస్తారని నా నమ్మకం.

అందుకే టైప్ చేసేటప్పుడు ఇంకో వాక్యం తప్పకుండా కలపండి: "x-t గ్రాఫ్, t = 0 దగ్గర +2 సెం.మీ., పైకి వెళ్తోంది." గ్రాఫ్ మీద కాలం అంకెలు కనిపిస్తే, పక్కపక్కనే ఉన్న రెండు శిఖరాల మధ్య దూరం కూడా రాయండి. అది 2π√(m/k) = 0.314 సెకన్లతో సరిపోవాలి. సరిపోకపోతే ద్రవ్యరాశి గ్రాముల్లో ఉందో, స్ప్రింగ్ స్థిరాంకం సెంటీమీటరుకి ఇచ్చారో, లేక కాలం మిల్లీసెకన్లలో ఉందో మళ్లీ చూడాలి.

నిలువు అక్షం మీద ఏముందో కూడా రాయాలి. "వాలు −400" అని మాత్రమే పంపితే ఉపయోగం లేదు. అది త్వరణం-స్థానభ్రంశం గ్రాఫ్ అయితే ω² = 400. బలం-స్థానభ్రంశం గ్రాఫ్ అయితే k = 400 అవుతుంది, అప్పుడు అదే 0.5 కేజీల బ్లాక్‌కి ω² = 800.

లఘులోలకంలో ద్రవ్యరాశి టైప్ చేయకపోయినా ఆవర్తన కాలానికి నష్టం లేదు. కానీ l, T² గ్రాఫ్‌లో ఏది అడ్డంగా ఉందో చెప్పాలి. l అడ్డంగా ఉంటే వాలు 4π²/g, దాదాపు 4. T² అడ్డంగా ఉంటే దాదాపు 0.25. సరళరేఖ మూలబిందువు గుండా పోకపోతే అది ఎక్కడ అక్షాన్ని ఖండిస్తుందో రాయండి. పొడవును గుండు కేంద్రం దాకా కాకుండా కొక్కెం దాకానే కొలిచారని తేల్చేది ఆ బిందువే.