దిర్హమ్‌కు 20 రూపాయలు వస్తాయని ఆగినప్పటి నుంచి

2013 ఆగస్టు చివరి వారంలో, డాలర్ 68 రూపాయలు దాటిన రోజున, అబుదాబిలో మా వీధి చివరి ఎక్స్ఛేంజ్ హౌస్ ముందు వరుస రోడ్డు మీదికి వచ్చింది. బోర్డు మీద దిర్హమ్‌కు 18.50 అని ఉంది. నా ఖాతాలో 60,000 దిర్హమ్‌లున్నాయి. అవి ఆర్మూరులో కడుతున్న ఇంటి స్లాబు కోసం దాచినవి. 20 అయ్యాక పంపుదామని ఆగాను. అక్టోబరులో మేస్త్రీ ఇక ఆగలేనన్నాడు; అప్పటికి రేటు 16.70కి దిగింది. ఆ ఆశకు 1,08,000 రూపాయల మూల్యం చెల్లించాను.

రేటును సరిగా ఊహించలేకపోవడం నా తప్పు కాదు, అది ఎవరి వల్లా కాదు. మూడు నెలల్లో రూపాయల్లోనే ఖర్చు పెట్టవలసిన సొమ్ముతో జూదమాడడం తప్పు. అప్పటి నుంచి ఎంత పంపాలన్నది రేటును చూసి కాక, ఆ సొమ్ము ఎప్పుడు, ఏ కరెన్సీలో ఖర్చవుతుందో చూసి నిర్ణయించుకుంటున్నాను. ఇప్పుడు ఇంటి ఖర్చులు పోగా నెలకు 5,500 దిర్హమ్‌లు మిగులుతాయి. ఇంటి రుణం వాయిదా, అమ్మానాన్నల ఖర్చు కలిపి దాదాపు 2,200 దిర్హమ్‌లవుతాయి. జీతం పడిన మర్నాడే, రేటు చూడకుండా, అవి భారత్‌లో ప్రవాసులు రూపాయల్లో ఉంచుకునే నా ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు వెళ్తాయి. మరో 1,300 అదే ఖాతా నుంచి మ్యూచువల్ ఫండ్ వాయిదాగా సాగుతాయి, ఎందుకంటే పదిహేనేళ్ల తరువాత నేను బతకబోయేది రూపాయల్లోనే. మిగిలిన 2,000 మా అమ్మాయి చదువు కోసం. ఆమె హైదరాబాదులో చదువుతుందో, పరాయి దేశంలో చదువుతుందో ఇంకా తెలియదు కనుక ఆ భాగాన్ని రూపాయల్లోకి మార్చను.

దిర్హమ్ 1997 నుంచి డాలర్‌కు 3.6725 చొప్పున కట్టుబడి ఉంది కాబట్టి, నా లెక్కలో ఈ రెండూ ఒకటే. ఆ సొమ్మును భారతీయ బ్యాంకులోనే ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్‌గా డాలర్లలో ఉంచుకోవచ్చు. అసలూ వడ్డీ కూడా డాలర్లలోనే వస్తాయి. ప్రవాసిగా ఉన్నంతకాలం ఎన్‌ఆర్‌ఈ, ఎఫ్‌సీఎన్‌ఆర్ వడ్డీల మీద భారత్‌లో ఆదాయపు పన్ను లేదు. అయితే రెండింటిలోనూ ఏడాది నిండకుండా డిపాజిట్‌ను రద్దు చేసుకుంటే వడ్డీ రాదు కనుక, ఉద్యోగం పోతే కావలసిన ఆరు నెలల ఖర్చును ఇక్కడే దిర్హమ్‌లలో ఉంచుకున్నాను.

ఎన్‌ఆర్‌ఈ వడ్డీ ఎక్కువ కదా అని మా బావమరిది ప్రతిసారీ అడిగేవాడు. ఒకనాడు గుండ్రటి అంకెలతో కాగితం మీద లెక్క వేసి చూపించాను. లక్ష దిర్హమ్‌లను 22 చొప్పున మార్చి 7 శాతం వడ్డీకి వేస్తే, మూడేళ్లకు 22 లక్షలు దాదాపు 26.95 లక్షలవుతాయి. అదే లక్షను 27,229 డాలర్లుగా 5 శాతానికి ఉంచితే 31,521 డాలర్లవుతాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది 85.50. అంటే, ఆ లెక్కలో 80.80 ఉన్న డాలర్ మూడేళ్ల తరువాత 85.50 దాటితే ఎఫ్‌సీఎన్‌ఆర్ నయం, దాటకపోతే ఎన్‌ఆర్‌ఈ నయం. రెండు శాతం అదనపు వడ్డీ అంటే, రూపాయి ఏటా సుమారు రెండు శాతం పడుతుందన్న అంచనాకు బ్యాంకు ఇస్తున్న ధరే. 2025 సెప్టెంబరులో డాలర్ 88 పైన ఉన్నప్పుడు మా బావమరిది నన్ను మెచ్చుకున్నాడు గానీ, అమ్మాయి చదువు రూపాయల్లోనని ముందే తేలి ఉంటే నేను ఎన్‌ఆర్‌ఈనే ఎంచుకునేవాణ్ణి.

ఒక పొరపాటు మాత్రం చెప్పాలి. మొదటి ఎఫ్‌సీఎన్‌ఆర్‌కు 10,000 డాలర్లకు సరిపడా సొమ్మును అలవాటు ప్రకారం ఎక్స్ఛేంజ్ హౌస్ నుంచే పంపాను. అక్కడి నుంచి సొమ్ము రూపాయలుగా చేరుతుంది. ఖాతాలో 8,20,000 పడ్డాయి; డిపాజిట్ కోసం బ్యాంకు నాకు డాలర్‌ను 83 చొప్పున తిరిగి అమ్మింది. రసీదులో 9,880 చూసి గుమాస్తా తప్పు రాశాడేమోననుకున్నాను. తప్పు నాదే: రెండుసార్లు మారకం జరిగి, దాదాపు మూడు నెలల వడ్డీ ముందే పోయింది. అప్పటి నుంచి ఇక్కడి బ్యాంకు నుంచి డాలర్లలోనే వైర్ పంపుతున్నాను. దానికి ముందు మా శాఖకు రాసి, డాలర్లు తీసుకునే వారి విదేశీ ఖాతా వివరాలను తెప్పించుకుని, పంపకపు కారణం గడిలో ‘ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్’ అని రాస్తాను. వైర్ రుసుము ప్రతిసారీ ఒకటే కనుక నెలనెలా పంపను. ఏడాదికి రెండు విడతలు చాలు.

అమ్మాయి ఇంటర్ 2028లో పూర్తవుతుంది. డిపాజిట్లన్నీ ఆ ఏడాది జూన్‌లో గడువు తీరేలా వేశాను. ఈలోగా నేనే తిరిగి వచ్చేసినా, ఎఫ్‌సీఎన్‌ఆర్‌ను ఒప్పుకున్న వడ్డీకి గడువు వరకు కొనసాగించుకోవచ్చు. ఎన్‌ఆర్‌ఈ ఖాతాను మాత్రం వెంటనే నివాసి ఖాతాగా మార్పించాలి.