మెయిల్ కటువుగా అనిపించిందన్నారు, మర్నాడు నేను రాసిన జవాబు

సప్లయర్ల బిల్లులు చూడడం ఆఫీసులో నా పని. మా కంపెనీకి తెలంగాణలో, ఆంధ్రలో వేర్వేరు జీఎస్టీ నంబర్లున్నాయి. ఒకటి 36తో, ఇంకొకటి 37తో మొదలవుతుంది. విజయవాడ నుంచి అట్టపెట్టెలు పంపే ఒక పెద్దాయన, సరుకు మా గుంటూరు గోడౌన్‌కి దించి, బిల్లు మాత్రం 36 నంబర్ మీద వేశారు. అలా వేస్తే ఆ పన్ను క్రెడిట్ గుంటూరు ఖాతాకి రాదు. "ఈ బిల్లు పాస్ చేయలేం. జీఎస్టీ నంబర్ చూసుకుని మళ్లీ పంపండి" అని మెయిల్ పెట్టాను, మేనేజర్‌ని సీసీలో ఉంచాను.

సాయంత్రానికి అందరికీ కలిపి జవాబొచ్చింది. "ఇన్నేళ్లుగా సరుకిస్తున్నాం. డబ్బులివ్వడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి."

టెన్షన్ వచ్చింది. కానీ ఆ కోపం నంబర్ గురించి కాదు, డబ్బు గురించి. బిల్లు ఎందుకు ఆగిందో, సొమ్ము ఎప్పుడొస్తుందో నా మెయిల్‌లో ఎక్కడా లేదు. అందుకే ముందు మేనేజర్‌ని అడిగి, బిల్లు సరిచేస్తే ఎప్పుడు చెల్లిస్తామో తెలుసుకున్నాను. ఆ తేదీ లేకుండా ఎంత మర్యాదగా రాసినా ఆయనకి నమ్మకం కుదరదు.

మొదట "మీకు అలా అనిపించి ఉంటే క్షమించండి" అని మొదలుపెట్టి తీసేశాను. తప్పు చదివిన ఆయనదే అన్నట్టుంటుంది ఆ వాక్యం. నెలాఖరు పని ఒత్తిడి గురించి రాసిన పేరా కూడా తీసేశాను. దాంతో ఆయనకేం పని? చివరికి మిగిలింది ఇది:

"నమస్కారమండీ. మీ బిల్లు మొత్తం చెల్లిస్తాం, అందులో అనుమానం వద్దు. నిన్నటి మెయిల్‌లో కారణం చెప్పకుండా పొడిగా రాశాను, క్షమించండి. సరుకు గుంటూరులో దిగింది కాబట్టి బిల్లు మా 37 నంబర్ మీద ఉండాలి, ఆ నంబర్ కింద ఇస్తున్నాను. 11వ తేదీలోపు మీ అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో చూపిస్తే 14న మాకొచ్చే పన్ను క్రెడిట్ల జాబితా 2బీలో కనిపిస్తుంది, ఆ వారంలోనే డబ్బు పంపిస్తాం."

కొత్త మెయిల్ తెరవకుండా, ఆయన జవాబు కిందే, సీసీలో ఉన్న అందరినీ ఉంచి పంపాను. ఆ కోపాన్ని చదివినవాళ్లు ఈ వివరణ కూడా చదవాలి కదా. ఆ తర్వాతే ఫోన్ చేశాను. ముందే ఫోన్‌లో సర్దిచెప్పి ఊరుకుంటే, డబ్బులివ్వట్లేదన్న మాట మాత్రం రాతలో అలాగే నిలిచిపోయేది.

ఆయన ఫోన్‌లో ఎక్కువ మాట్లాడలేదు. "ఇదే నిన్న రాసుంటే అయిపోయేది కదమ్మా, రిటర్న్ ఇంకా వేయలేదులే, బిల్లు మార్చి పంపిస్తా" అన్నారు. ఆ సాయంత్రమే 37 నంబర్ మీద కొత్త బిల్లు అందరికీ వచ్చింది. 14న 2బీలో సరిచూసుకుని, చెల్లింపు కోసం మేనేజర్‌కి పంపేశాను.