ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉన్న ఏసీలో గ్యాస్ ఛార్జ్: సబ్‌కూలింగ్‌తో తేల్చుకున్న తీరు

మూడు టన్నుల డక్టెడ్ స్ప్లిట్. ఆర్-410ఏ గ్యాస్. ఇండోర్ కాయిల్ దగ్గర థర్మోస్టాటిక్ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉంది. కూలింగ్ తగ్గిందని ఫిర్యాదు. అవుట్‌డోర్ యూనిట్ నేమ్ ప్లేట్ మీద సబ్‌కూలింగ్ 10 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ముద్రించి ఉంది. నా థర్మామీటర్ సెల్సియస్‌లో ఉంది కాబట్టి 10ని 1.8తో భాగించాను, సుమారు 5.5 వచ్చింది. ఇది రెండు ఉష్ణోగ్రతల మధ్య తేడా కాబట్టి 32 తీసేయకూడదు. 32 తీసేసే మామూలు సూత్రం వాడితే మైనస్ 12 వస్తుంది, దానికి అర్థమే లేదు.

ఇలాంటి యూనిట్‌లో సూపర్‌హీట్ చూసి, అంటే ఆవిరి తన మరిగే ఉష్ణోగ్రత కంటే ఎన్ని డిగ్రీలు పైకి వేడెక్కిందో చూసి, ఛార్జ్ నిర్ణయించడం కుదరదు. ఇవాపరేటర్ చివర సూపర్‌హీట్‌ను స్థిరంగా ఉంచడమే వాల్వ్ పని. గ్యాస్ కాస్త తక్కువైతే వాల్వ్ ఇంకాస్త తెరుచుకుంటుంది, ఎక్కువైతే మూసుకుంటుంది, సూపర్‌హీట్ మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. తేడా కనిపించేది కండెన్సర్ వైపు. ఎక్కువైన గ్యాస్ ద్రవంగా మారి కండెన్సర్ చివరి ట్యూబుల్లో నిలుస్తుంది. అక్కడ ఎక్కువసేపు ఉండటంతో ఇంకా చల్లబడుతుంది. అలా ద్రవం తన సాచురేషన్ ఉష్ణోగ్రత, అంటే ఆ ప్రెషర్ దగ్గర అది మరిగే ఉష్ణోగ్రత కంటే ఎన్ని డిగ్రీలు కిందికి దిగిందో అదే సబ్‌కూలింగ్.

గేజ్ తగిలించే ముందు ఫిల్టర్, రెండు కాయిళ్లు, ఇండోర్ బ్లోవర్ చూశాను. గాలి సరిగా ఆడని యూనిట్‌లో కొలిచిన అంకెలకు విలువ లేదు. కండెన్సర్‌కు దుమ్ము పట్టి ఉంటే హెడ్ ప్రెషర్ పెరుగుతుంది, అప్పుడు ఛార్జ్ సరిపోతోందో లేదో ఆ అంకె చెప్పదు. కాయిల్ కడిగి, యూనిట్‌ను పావుగంట పూర్తి లోడ్ మీద నడిపాక కొలత మొదలుపెట్టాను.

హోస్‌ను లిక్విడ్ లైన్ సర్వీస్ వాల్వ్‌కు తగిలించాను. తగిలించే ముందు గేజ్‌ను గాలిలో వదిలి సున్నా చూపుతోందో లేదో చూసుకోవాలి. ఆర్-410ఏకి ఈ రేంజ్‌లో సుమారు 9 పీఎస్‌ఐ తేడా వస్తే ఒక డిగ్రీ సెల్సియస్ తప్పినట్టే. ప్రెషర్‌ను కంప్రెసర్ డిశ్చార్జ్ దగ్గర కాకుండా లిక్విడ్ లైన్ దగ్గరే తీసుకోవాలి. కండెన్సర్ దాటేసరికి ప్రెషర్ కొంత పడిపోతుంది కాబట్టి, డిశ్చార్జ్ అంకె వాడితే సబ్‌కూలింగ్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఎక్కువమంది తప్పు చేసేది పైపు ఉష్ణోగ్రత కొలిచే థర్మామీటర్ క్లాంప్ దగ్గరే. పైపు మీద పెయింట్, తుప్పు ఉంటే రుద్ది రాగి కనిపించేలా చేయాలి. క్లాంప్‌ను అదే సర్వీస్ వాల్వ్ పక్కన, నిటారుగా లేదా అడ్డంగా ఉన్న తిన్నని భాగం మీద బిగించి, పైన ఇన్సులేషన్ ముక్క చుట్టాలి. చుట్టకపోతే ఏమవుతుందో గమనించండి. లిక్విడ్ లైన్ బయటి గాలి కంటే వేడిగా ఉంటుంది కాబట్టి గాలి తగిలి సెన్సర్ తక్కువ చూపుతుంది, దాంతో సబ్‌కూలింగ్ ఎక్కువగా వస్తుంది, గ్యాస్ సరిపోయిందనుకుని ముందే ఆపేస్తాం. ఎండ నేరుగా పడితే ఇది పూర్తిగా తిరగబడుతుంది. సెన్సర్ ఎక్కువ చూపుతుంది, సబ్‌కూలింగ్ చాలలేదనుకుని ఓవర్‌ఛార్జ్ చేసేస్తాం.

బయట 32 డిగ్రీలు. గేజ్ మీద 335 పీఎస్‌ఐ. ప్రెషర్‌కు తగ్గ సాచురేషన్ ఉష్ణోగ్రత చెప్పే పీటీ చార్ట్‌లో ఆర్-410ఏకి అది 40 డిగ్రీలు. పైపు 38.5 ఉంది. అంటే సబ్‌కూలింగ్ 1.5 మాత్రమే. సక్షన్ వైపు సూపర్‌హీట్ 7. ఈ రెండో అంకె చూడకుండా సిలిండర్ తెరవకూడదని నా గట్టి అభిప్రాయం. సబ్‌కూలింగ్ తక్కువగా ఉండి, సూపర్‌హీట్ మామూలుగానో కాస్త ఎక్కువగానో ఉంటే గ్యాస్ తక్కువైందని నమ్మవచ్చు. సబ్‌కూలింగ్ తక్కువ, సూపర్‌హీట్ కూడా బాగా తక్కువ, సక్షన్ ప్రెషర్ ఎక్కువ అయితే సక్షన్ పైపుకు కట్టిన వాల్వ్ బల్బ్ వదులైందేమో చూడాలి. అలాంటప్పుడు వాల్వ్ అవసరానికి మించి తెరుచుకుని ఉంటుంది, ఎంత గ్యాస్ వేసినా మేలు జరగదు.

ముందు లీక్ వెతికాను. ఫ్లేర్ జాయింట్ దగ్గర నూనె మరక కనిపించింది. అది సరిచేశాకే గ్యాస్ వేయడం మొదలుపెట్టాను. ఆర్-410ఏ రెండు వాయువుల మిశ్రమం కాబట్టి సిలిండర్ నుంచి ద్రవంగానే తీయాలి. ఆ ద్రవాన్ని సక్షన్ వైపు మానిఫోల్డ్ వాల్వ్ కొద్దికొద్దిగా తెరిచి, కంప్రెసర్‌కు చేరేలోపు ఆవిరయ్యేలా పంపాను. సిలిండర్ తూకం మీదే ఉంది. 150 గ్రాములు వేసి పది నిమిషాలు ఆగాను. ప్రెషర్ 344కి చేరింది, అంటే 41 డిగ్రీలు. పైపు 37.5. సబ్‌కూలింగ్ 3.5. మరో 150 గ్రాములు వేసి, మళ్లీ ఆగాను. 353 పీఎస్‌ఐ, 42 డిగ్రీలు, పైపు 36.5, సబ్‌కూలింగ్ 5.5. సూపర్‌హీట్ 6 దగ్గర నిలిచింది. అక్కడే ఆపేశాను. ఈ గ్రాముల లెక్క ఈ యూనిట్‌కే, మరోదానికి వర్తించదు. మధ్యలో ఆగడం మాత్రం ఏ యూనిట్‌కైనా తప్పదు, ఎందుకంటే వాల్వ్ కొత్త ఛార్జ్‌కు సర్దుకునేదాకా అంకెలు ఊగుతూనే ఉంటాయి.

సబ్‌కూలింగ్ ఎక్కువగా ఉన్న ప్రతిసారీ గ్యాస్ తీసేయాలనుకోవడం ప్రమాదం. సబ్‌కూలింగ్ 9, సూపర్‌హీట్ 15, సక్షన్ ప్రెషర్ తక్కువ అని వస్తే, అది ఓవర్‌ఛార్జ్ కాదు, దారిలో అడ్డంకి. ద్రవం ముందుకు పోలేక కండెన్సర్‌లో ఆగిపోతోంది. ఫిల్టర్ డ్రయర్‌కు ముందు, తర్వాత చేయి పెట్టి చూసినా తేడా తెలుస్తుంది. క్లాంప్‌తో రెండు వైపులా కొలిస్తే మరీ మంచిది. రెండు డిగ్రీలకు మించి పడిపోతుంటే డ్రయర్‌ను అనుమానించాలి. అక్కడ తేడా లేకపోతే వాల్వ్ స్ట్రెయినర్‌నో, వాల్వ్‌నో చూడాలి. ఈ స్థితిలో గ్యాస్ తీస్తే ఇవాపరేటర్ ఇంకా ఎండిపోతుంది.

సిస్టమ్‌లో గాలి చేరినా ఇలాంటి మోసమే జరుగుతుంది. గాలి ప్రెషర్‌ను పెంచుతుంది, మనం ఆ ప్రెషర్‌ను చార్ట్‌లో చూసి సాచురేషన్ ఉష్ణోగ్రత ఎక్కువని లెక్కేస్తాం, లేని సబ్‌కూలింగ్ కాగితం మీద పుడుతుంది. కంప్రెసర్ ఆపి, కండెన్సర్ ఫ్యాన్ మాత్రం నడిపి, కాయిల్ బయటి గాలి ఉష్ణోగ్రతకు వచ్చాక ప్రెషర్ చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. చార్ట్‌లో ఆ ఉష్ణోగ్రతకు ఉండాల్సినదాని కంటే గేజ్ స్పష్టంగా ఎక్కువ చూపితే, గ్యాస్ మొత్తం రికవర్ చేసి, వాక్యూమ్ చేసి, తూచి వేయడమే దారి.

ఈ పద్ధతి పనికిరాని చోట్లూ ఉన్నాయి. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అవుట్‌డోర్ యూనిట్ లోపలే ఉంటే, బయటికి వచ్చే సన్నపైపులో ఉండేది అప్పటికే ప్రెషర్ తగ్గిన మిశ్రమం, అక్కడ సబ్‌కూలింగ్ కొలవలేం. లిక్విడ్ రిసీవర్ ఉన్న సిస్టమ్‌లో అదనపు గ్యాస్ రిసీవర్‌లోనే దాగిపోతుంది, కండెన్సర్ దగ్గర అంకె దాన్ని చూపదు. ఆర్-407సీ లాంటి గ్యాస్‌కు చార్ట్‌లో రెండు కాలమ్స్ ఉంటాయి. సబ్‌కూలింగ్‌కు బబుల్ పాయింట్, సూపర్‌హీట్‌కు డ్యూ పాయింట్ వాడాలి. తారుమారైతే కొన్ని డిగ్రీలు తప్పుతుంది. బయట చలిగా ఉన్న రోజున, సుమారు 18 డిగ్రీల కంటే తక్కువైతే, హెడ్ ప్రెషర్ పడిపోయి వాల్వ్ సరిగా పనిచేయదు. అలాంటప్పుడు తయారీదారు చెప్పిన బరువును, పైపు పొడవును బట్టి కలపాల్సిన గ్రాములతో సహా, తూకం వేసి నింపడం మేలు.