రెండో వెక్టర్ లేదు
నిన్న రాత్రి విజయనగరంలో మా డాబా మీద కూర్చుని, చెల్లి పరీక్ష కోసం వాళ్ల స్లైడ్ల నుంచి ఐగెన్ వాల్యూల ప్రశ్నలు, జవాబులు తయారు చేశాను. ఒక మాట్రిక్స్‌లో మొదటి వరస 3, 1. రెండోది 0, 3. ఐగెన్ వాల్యూ 3 రెండుసార్లు వచ్చింది. వికర్ణం మొత్తం 6, డిటర్మినెంట్ 9, రెండూ సరిపోయాయి. ఆ ధీమాతో (1, 0), (0, 1) అని రెండు ఐగెన్ వెక్టర్లు రాసేశాను.

చెల్లి (0, 1)ని మాట్రిక్స్‌తో గుణించి చూసింది. (1, 3) వచ్చింది. "అన్నయ్యా, (0, 3) రావాలి కదా?" అంది.

నిజమే. A − 3I నుంచి వచ్చే షరతు y = 0 ఒక్కటే. అంటే (1, 0) దిశ తప్ప ఇంకోటి లేదు, ఈ మాట్రిక్స్‌ని డయాగనలైజ్ చేయలేం. వికర్ణం మొత్తం, డిటర్మినెంట్ సరిచూసేది వాల్యూలనే, వెక్టర్లను కాదు. ఇప్పుడు ప్రతి జవాబు కింద Av = λv గుణకారం కూడా చేసి పెడుతున్నాను.